టీఎస్‌హెచ్ 5.8 వచ్చింది, అరచేతులు తడుస్తున్నాయి: మా అమ్మాయిది థైరాయిడ్ చెమటేనా?

"మా అమ్మాయికి పదిహేనేళ్లండి. చిన్నప్పట్నుంచీ అరచేతులు తడితడిగానే ఉండేవి, మేం పెద్దగా పట్టించుకోలేదు. ఈ రెండేళ్లుగా చంకలు కూడా మొదలయ్యాయి. పరీక్ష రాస్తుంటే పేపర్ తడిసి ఇంకు అలుక్కుపోతోంది, చేతి కింద కర్చీఫ్ పెట్టుకుని రాస్తుంది. నల్లబట్టలు తప్ప వేసుకోవట్లేదు, క్లాసులో చెయ్యెత్తడం మానేసిందని టీచర్ కూడా అన్నారు. పడుకున్నాక చూస్తే మాత్రం చేతులు పొడిగానే ఉంటాయి. అప్పుడప్పుడు గుండె దడగా ఉందంటుంది, ఈమధ్య రెండు కిలోలు తగ్గింది కూడా. డాక్టర్ చూసినప్పుడు నాడి 104 ఉంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 5.8 వచ్చింది, పక్కన 'ఎక్కువ' అని గుర్తు ఉంది. మా ఆడపడుచుకి థైరాయిడ్ ఉంది, 'ఇది థైరాయిడ్ చెమటే, నా మాత్రల్లో సగం వేసి చూడు వదినా' అంటోంది. మావారి చేతులు కూడా ఇంతే, ఆయనేమో 'అదంతా భయం, పెద్దయితే అదే పోతుంది' అంటారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు."
— ఒక తల్లి

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ సగం మాత్ర సంగతి చెప్పేస్తా. వెయ్యొద్దు. ఇప్పటికే ఒకటో రెండో వేసేసి ఉంటే కంగారు పడొద్దు గానీ ఇక ఆపేయండి, మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు దాచకుండా ఇన్ని వేశామని చెప్పండి. మీ ఆడపడుచుగారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆ రిపోర్టులో ఉన్న నంబరుని తలకిందులుగా చదివారు, చాలామంది ఇక్కడే పొరపడతారు కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ కాదండి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని వదులుతుంది, పని చెయ్యమని థైరాయిడ్‌కి ఇచ్చే ఆర్డరు అది. పనివాళ్లు నెమ్మదిస్తే మేస్త్రి గట్టిగా కేకలేస్తాడు, వాళ్లే అతిగా పరిగెడుతుంటే నోరు మూసుకుంటాడు, అంతే. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, థైరాయిడ్ జోరెక్కితే టీఎస్‌హెచ్ తగ్గిపోతుంది, చాలాసార్లు 0.1 కంటే కిందికి, దాదాపు లేనట్టే అయిపోతుంది. ఇప్పుడు చెమట సంగతికి రండి. థైరాయిడ్ వల్ల చెమట ఎక్కువ పట్టేది గ్రంథి జోరెక్కినప్పుడు, మందగించినప్పుడు కాదు. మందగిస్తే చర్మం పొడిబారుతుంది, చలి ఎక్కువ వేస్తుంది, చెమట మామూలు కంటే తక్కువే పడుతుంది. అంటే మీ పాప రిపోర్టులో వచ్చిన 5.8 చెమటకి కారణం కాదు సరికదా, థైరాయిడ్ చెమట అనే అనుమానానికి అది ఎదురు సాక్ష్యం. పిట్యూటరీలోనే గడ్డ వచ్చి టీఎస్‌హెచ్ తగ్గకుండానే థైరాయిడ్ జోరెక్కే జబ్బు ఒకటి ఉంది గానీ అది అత్యంత అరుదు, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చూసే ఫ్రీ టీ4 అనే పరీక్ష ఒక్కటి చేస్తే అది కూడా తేలిపోతుంది.

మరి 5.8 ఎందుకు వచ్చింది అంటారా. చాలా ల్యాబుల్లో పైహద్దు 4కీ 5కీ మధ్య ఎక్కడో పెడతారు, 5.8 దాన్ని కొంచెం దాటింది అంతే. ఈ వయసు పిల్లల్లో ఇలా కొద్దిగా పెరిగిన టీఎస్‌హెచ్ మళ్లీ చేయిస్తే మామూలుగా వచ్చేయడం బాగా చూస్తాం, ఏదైనా జ్వరం వచ్చి తగ్గే రోజుల్లో రక్తం ఇచ్చినా కొద్దిగా పెరగొచ్చు. కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4, థైరాయిడ్ మీద శరీరమే దాడి చేస్తోందా అని చూసే యాంటీ టీపీవో పరీక్ష, ఈ మూడూ కలిపి చేయించమని డాక్టర్‌ని అడగండి. ఫ్రీ టీ4 మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ 10 లోపే ఉంటే చాలామంది డాక్టర్లు మందు మొదలుపెట్టకుండా గమనిస్తూ ఉంటారు, 10 దాటినా, ఫ్రీ టీ4 తగ్గినా, మెడ దగ్గర వాపు కనిపించినా, ఎత్తు పెరగడం ఆగినా అది వేరే లెక్క, అప్పుడు మందు అవసరం రావచ్చు, కానీ అప్పుడు కూడా అది చెమట కోసం వేసే మందు కాదు.

సగం మాత్రతో అసలు ఇబ్బంది ఇదే. అవసరం లేని పిల్లకి థైరాక్సిన్ ఇస్తే హార్మోన్ ఎక్కువై గుండె దడ, చేతుల వణుకు, చెమట ఇవే పెరుగుతాయి, అప్పుడు మీరు 'చూశావా, థైరాయిడే' అనుకుంటారు. పైగా ఆ మందు శరీరంలోంచి సగం పోవడానికే దాదాపు వారం పడుతుంది, మధ్యలో మళ్లీ రక్తపరీక్ష చేస్తే వచ్చే నంబరు పిల్లదో మాత్రదో చెప్పలేం. ఇంకోటి, జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ మాత్రలు వేసుకుంటోందేమో అడగండి, ఈ వయసు ఆడపిల్లలు ఇంట్లో చెప్పకుండా కూడా వాడతారు. బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని రకాల ల్యాబ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తుంది, లేని థైరాయిడ్ జోరు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. పరీక్షకి రెండు మూడు రోజుల ముందు అది ఆపేసి, వాడిన సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

ఇక చెమట విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన మాట టీఎస్‌హెచ్ కాదు, 'పడుకున్నాక చేతులు పొడిగా ఉంటాయి' అన్నది. ఎందుకంటే ఒంట్లో చెమట రెండు రకాల ఆర్డర్ల మీద పడుతుంది. ఒకటి వేడి తగ్గించుకోవడానికి, అది నుదురు, ఛాతీ, వీపు అన్నిచోట్లా పడుతుంది. రెండోది మనసుకి సంబంధించినది, ఆత్రం, ఒత్తిడి, ఏకాగ్రత వీటితో పడేది, ఇది ముఖ్యంగా అరచేతులు, అరికాళ్లు, చంకల్లో. మీ పాపలా అతిచెమట సమస్య ఉన్నవాళ్ల చేతుల్లో చెమట గ్రంథులు ఎక్కువేమీ ఉండవు, పెద్దవిగానూ ఉండవు, అవి మామూలివే. వాటికి వెళ్లే నరాల సంకేతాలే అవసరానికి మించి వెళ్తాయి. నిద్రలో ఈ రెండో రకం సంకేతాలు ఆగిపోతాయి, అందుకే చేతులు పొడి. థైరాయిడ్ జోరుగా ఉన్న మనిషికి అలా కాదు, ఒళ్లు పగలూ రాత్రీ వేడిని పుట్టిస్తూనే ఉంటుంది కాబట్టి నిద్రలోనూ వీపు, మెడ, ఛాతీ తడుస్తాయి, దుప్పటి తన్నేస్తారు, పక్కవాళ్లకి చలేస్తున్నా వీళ్లకి ఫ్యాన్ కావాలి.

చేతిని ముట్టుకుంటే కూడా తేడా తెలుస్తుంది. ఈసారి పాప చేతులు బాగా తడిగా ఉన్నప్పుడు మీ చేతిలోకి తీసుకోండి. మామూలు అతిచెమటలో చెయ్యి చల్లగా, తడిగా ఉంటుంది, వేళ్ల చివర్లు కొంచెం ఎర్రగానో నీలంగానో కూడా కనిపించొచ్చు. థైరాయిడ్ జోరులో చెయ్యి వెచ్చగా, మెత్తగా, తేమగా ఉంటుంది, అలా ధారగా కారదు. ఇది ఒక్కటే చూసి తేల్చేయలేం గానీ మిగతావాటితో కలిపితే బాగా పనికొస్తుంది.

డాక్టర్లు కూడా దీన్ని ఇలాంటి గుర్తుల మీదే తేలుస్తారు. వేరే కారణం కనిపించకుండా, ఒళ్లంతా కాక కొన్నిచోట్ల మాత్రమే అతిగా చెమట ఆరు నెలలకి మించి ఉండాలి, దాంతోపాటు రెండు వైపులా సమానంగా ఉండటం, రోజువారీ పనులకి అడ్డం రావడం, వారానికి ఒక్కసారైనా రావడం, పాతికేళ్ల లోపు మొదలవడం, ఇంట్లో ఇంకొకరికి ఉండటం, నిద్రలో ఆగిపోవడం, ఈ ఆరింటిలో కనీసం రెండు ఉండాలి. మీ పాపకి ఎన్ని కలుస్తాయో మీరే లెక్కేసుకోండి, ఒక్కటి మాత్రం అడిగి చూడండి, చెమట రెండు చేతులకీ ఒకేలా పడుతుందా, కుడి ఎడమ తేడా ఉందా అని. ఒకవైపే పడితే అది ఈ కోవలోకి రాదు, నరాల డాక్టర్ చూడాలి. చిన్నప్పుడు అరచేతులు, యుక్తవయసు మొదలయ్యాక చంకలు, ఈ వరస కూడా ఈ సమస్యలో మామూలుగా కనిపించేదే.

అయితే మిగతా రెండు సంగతులు, నాడీ, బరువూ, వాటిని మాత్రం నేను కొట్టిపారేయను. టీఎస్‌హెచ్ ఎక్కువ ఉంది కదా థైరాయిడ్ జోరు కాదులే అని వదిలేస్తే వేరేది ఏదైనా తప్పించుకోవచ్చు.

నాడి 104 అనేది డాక్టర్ గదిలో, బహుశా చేతులు పట్టుకుని చూస్తారేమో అని ముడుచుకుపోయి కూర్చున్న పిల్ల నాడి. ఆ నంబరుతో ఏమీ తేలదు. ఇంట్లో తెల్లవారుజామున పాప ఇంకా గాఢంగా నిద్రపోతున్నప్పుడు మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మీ రెండు వేళ్లు మెల్లగా ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు కూడా నాలుగింతలవుతుంది. వరసగా మూడు నాలుగు రోజులు చేసి రాసిపెట్టుకోండి. మెలకువలో కూర్చున్నప్పుడు ఈ వయసుకి 60 నుంచి 100 మామూలు, నిద్రలో అంతకంటే బాగా తగ్గాలి. భయంతో, ఆత్రంతో పెరిగే నాడి నిద్రలో దిగిపోతుంది, థైరాయిడ్ జోరువల్ల పెరిగినది నిద్రలో కూడా 90 పైనే ఉండిపోతుంటుంది. నిద్రలో 70 వచ్చిందనుకోండి, ఆ 104 గురించి మీ మనసు సగం తేలికపడుతుంది. నిద్రలోనూ ఎక్కువే ఉంటే, రక్తం తక్కువుందేమో చూడాలి, ఈ వయసు ఆడపిల్లల్లో దడకి రక్తహీనత చాలా మామూలు కారణం, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించలేదంటే అది చేయించండి.

బరువు విషయంలో ఒకే ప్రశ్న ముఖ్యం, తిండి తగ్గిందా లేక బాగా తింటూ తగ్గిందా. పరీక్షల ఒత్తిడిలో, నలుగురిలో తినడానికి సిగ్గుపడి, పూటలు మానేసి తగ్గితే దారి వేరు. ఇదివరకటికంటే ఎక్కువ తింటూ కూడా తగ్గుతుంటే అది నిలబడి చూడాల్సిన విషయం, అప్పుడు దాహం, రాత్రుళ్లు లేచి మూత్రానికి వెళ్లడం కూడా ఉన్నాయేమో చూడండి, ఉంటే షుగర్ పరీక్ష ఆ రోజే చేయించాలి, వాయిదా వెయ్యకూడదు. ఒకే తూకం యంత్రం మీద, పొద్దున్నే, వారానికోసారి చూసి రాసుకోండి, వేర్వేరు యంత్రాల మీద రెండు కిలోల తేడా అదే రావొచ్చు.

ఇంకొక చిన్న పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. పాపని చేతులు ముందుకు చాచి, అరచేతులు కిందికి పెట్టి, వేళ్లు కొంచెం విడదీసి ఉంచమని చెప్పి, చేతుల వెనకవైపు ఒక పల్చటి కాగితం పెట్టండి. థైరాయిడ్ జోరులో వేళ్లలో సన్నటి వేగమైన వణుకు ఉంటుంది, కంటికి సరిగ్గా కనపడదు గానీ కాగితం అంచు గజగజా ఆడుతుంది. కాఫీ టీలు ఎక్కువ తాగినా ఇలాగే వణుకుతుంది కాబట్టి ఆ రోజు అవి మానేసి చూడాలి. మంచినీళ్లు మింగుతున్నప్పుడు మెడ ముందు భాగంలో ఏదైనా ఉబ్బు పైకీ కిందికీ కదులుతుందా అని కూడా ఒకసారి వెలుతురులో చూడండి.

ఇవి కాక, రాత్రిపూట బట్టలు, పక్క తడిసిపోయేంత చెమట పట్టినా, విడవని జ్వరం, మెడలోనో చంకలోనో గడ్డలు తగిలినా, తలనొప్పి, దడ, చెమట మూడూ ఒకేసారి దాడిలా వచ్చిపోతూ బీపీ పెరిగినా, కొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టిన కొన్నాళ్లకే చెమట మొదలైనా, అది మనం మాట్లాడుకుంటున్న చెమట కాదు. మందుల్లో ముఖ్యంగా డిప్రెషన్‌కి వాడేవి కొన్ని, ఆస్తమాకి పీల్చే మందులు, ఏకాగ్రత కోసం ఇచ్చేవి చెమట లేదా దడ పెంచుతాయి. అలాంటివి ఏమీ లేవు, నిద్రలో నాడి బాగుంది, బరువు నిలకడగా ఉంది అనుకుంటే ఇక చెమట కోసం పరీక్షల మీద పరీక్షలు చేయించాల్సిన అవసరం లేదు, స్కానింగులు అసలే వద్దు.

మీవారి మాటకి వస్తే, ఆయన సగం రైటు. ఇది ప్రమాదం కాదు, ఆయన చేతులూ ఇంతే కాబట్టి పాపకి ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలిసిపోతోంది. కానీ 'అదంతా భయం' అన్నమాట పిల్లకి న్యాయం చెయ్యదు. భయం వల్ల చెమట పుట్టట్లేదు, చెమట పట్టే నరాల తీరు పుట్టుకతో వచ్చింది, ఆ తర్వాత ఎవరైనా చూస్తారేమో అన్న భయంతో ఇంకాస్త పడుతుంది, పడిందని ఇంకా భయం. టీవీ చూస్తూ ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కూడా చేతులు తడుస్తున్నాయా అని పాపని అడగండి, చాలామంది పిల్లలు అవుననే చెప్తారు. 'పెద్దయితే పోతుంది' అన్నది కూడా ఖాయం కాదు, వయసు బాగా మీద పడ్డాక కొందరికి తగ్గుతుంది గానీ చదువు, ఉద్యోగం, పెళ్లి ఈ ఏళ్లన్నీ దీంతోనే గడుస్తాయి చాలామందికి. ఆయన ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారో, షేక్‌హ్యాండ్ ఇచ్చేముందు ఏం చేస్తారో, ఫోన్ వేలిముద్ర తీసుకోకపోతే ఏం చేస్తారో పాపకి కూర్చోబెట్టి చెప్పమనండి, ఇంట్లో ఇంకొకరికి ఇదే ఉందని, అదేదో పెద్ద జబ్బు కాదని ఆ పిల్లకి తెలియడం నా ఉత్తరం కంటే బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు ఏం చెయ్యొచ్చో చూద్దాం. చంకలకీ చేతులకీ దారులు వేరు, చాలామంది రెండిటికీ ఒకటే రాసి పనిచెయ్యలేదంటారు.

చంకలతో మొదలుపెట్టండి, అక్కడ తొందరగా గుణం కనిపిస్తుంది. షాపుల్లో దొరికే డియోడరెంట్ వాసనని మాత్రమే కప్పుతుంది, చెమట ఆపదు. చెమట తగ్గించేది యాంటీపెర్స్పిరెంట్, అందులో ఉండే అల్యూమినియం లవణాలు చెమట నాళం నోట్లో చిన్న బిరడాలా గడ్డకట్టి ఆపుతాయి. మామూలువి చాలకపోతే డాక్టర్ని అడిగి అల్యూమినియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ ద్రావణం రాయించుకోండి, పెద్దవాళ్లకి ఎక్కువగా 20 శాతం ఇస్తారు, సున్నితమైన చర్మానికి 10 లేదా 15 శాతంతో మొదలుపెట్టడం మంచిది. ఇది పొద్దున స్నానం చేసి బయటికెళ్లేముందు రాసుకునేది కాదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రాత్రి పడుకునేముందు రాయాలి, అప్పుడు చెమట పట్టదు కాబట్టి మందు నాళంలోకి దిగుతుంది. రాసేముందు చంక పూర్తిగా పొడిగా ఉండాలి, తువ్వాలుతో తుడవడం చాలదు, ఫ్యాన్ కింద కాసేపు ఆరనివ్వాలి లేదా హెయిర్‌డ్రయర్‌ని చల్లగాలి మీద పెట్టి ఆరబెట్టాలి. తడి మీద రాస్తే అల్యూమినియం క్లోరైడ్ నీళ్లతో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ మంటకే పిల్లలు ఒక్కరోజుకే సీసా పక్కన పడేస్తారు. పొద్దున లేవగానే కడిగెయ్యాలి. షేవింగ్ చేసుకున్న రోజూ ఆ మర్నాడూ రాయొద్దు. రోజూ రాత్రి రాస్తే వారం పదిరోజుల్లో తేడా తెలుస్తుంది, అప్పుడు రోజు విడిచి రోజు, తర్వాత వారానికి ఒకటి రెండుసార్లకి తగ్గించెయ్యాలి. దురద, ఎరుపు వస్తే రెండు మూడు రోజులు ఆపి, డాక్టర్ చెప్పిన తేలికపాటి ఒక శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము కొద్దిరోజులు రాసి మళ్లీ ఎడంగా మొదలుపెట్టొచ్చు. అల్యూమినియం వల్ల క్యాన్సర్ వస్తుందని మీకెవరైనా చెప్తే, ఆ సంబంధం నిరూపణ కాలేదు, కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యనివాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా వాడకూడదు.

అరచేతుల చర్మం మందం, అక్కడ ఈ ద్రావణం ఒక్కోసారి పనిచేస్తుంది, చాలాసార్లు చాలదు. నెలరోజులు సరిగ్గా వాడినా తేడా లేకపోతే నేనైతే పదిహేనేళ్ల పిల్లకి తర్వాతి మెట్టుగా అయాంటోఫోరెసిస్‌నే ఆలోచిస్తాను. పేరు పెద్దదిగా ఉంది గానీ పద్ధతి సులువే. రెండు లోతు తక్కువ ట్రేలలో కుళాయి నీళ్లు పోసి, చేతులు అరచేయి మునిగేంతవరకే పెడతారు, నీళ్లలోంచి సన్నటి కరెంటు, అరచేతులకి సుమారు 15 నుంచి 20 మిల్లీ యాంపియర్లు, ఇరవై నిమిషాలు అటూ ఇటూగా పంపుతారు. చీమలు పాకినట్టు చిమచిమలాడుతుంది, నొప్పి పెద్దగా ఉండదు. మొదట్లో వారానికి మూడు నాలుగుసార్లు, రెండు మూడు వారాల తర్వాత చేతులు పొడిబారడం మొదలవుతుంది, ఆ తర్వాత వారానికో పదిరోజులకో ఒకసారి చేస్తూ ఉండాలి. మానేస్తే చెమట మళ్లీ వస్తుంది, ఇది నయం చేసేది కాదు, అదుపులో పెట్టేది. ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి, చేతుల మీద గాట్లు ఉంటే వాటిపై వాజలిన్ రాయాలి, లేకపోతే కరెంటంతా అక్కడే పోగై కాలుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, కరెంటు దారిలో లోహపు ప్లేట్లు ఉన్నవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు చెయ్యకూడదు. మొదటి కొన్నిసార్లు ఆస్పత్రిలో చేయించి, పని చేసిందని తేలాకే ఇంటికి యంత్రం కొనండి. బ్యాటరీలతో ఇంట్లో తయారుచేసే వీడియోలు పాప చూసే ఉంటుంది, అది మాత్రం ఒప్పుకోకండి.

దానికీ లొంగకపోతే గ్లైకోపైరోలేట్ మాత్రలు ఉన్నాయి, ఇవి చెమట గ్రంథికి నరం పంపే సంకేతాన్నే అడ్డుకుంటాయి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి డాక్టర్ పెంచుతారు. చేతులతోపాటు ఒళ్లంతా చెమట తగ్గుతుంది, నోరు ఎండిపోతుంది, మలబద్ధకం, చూపు మసక రావొచ్చు, ముఖ్యంగా ఎండలో ఆటలాడే పిల్లలకి చెమట పట్టక ఒళ్లు వేడెక్కే ప్రమాదం ఉంది. కొంతమంది రోజూ కాకుండా పరీక్షలు, స్టేజి మీద కార్యక్రమం ఉన్న రోజుల్లోనే వాడతారు, అది కూడా ఒక దారి, కానీ మొదటిసారి పరీక్ష రోజున కాకుండా ముందే ఒక సెలవురోజు వేసి చూడాలి. బోటాక్స్ ఇంజెక్షన్లు చంకల్లో బాగా పనిచేస్తాయి, ఆరు నెలల వరకూ నిలుస్తాయి, అరచేతుల్లో మాత్రం సూదులు బాగా నొప్పి, కొన్నివారాలు పట్టు తగ్గొచ్చు, అంటే పెన్ను పట్టుకోవడమే కష్టం కావొచ్చు, పరీక్షల ముందు అసలు వద్దు.

ఆపరేషన్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు, ఛాతీలో, చేతులకి చెమట సంకేతాలు పంపే నరాన్ని కత్తిరించడమో క్లిప్పు పెట్టడమో చేస్తారు, చేతులు ఆ రోజే పొడిగా అయిపోతాయి. కానీ ఆ చెమట వీపుకీ పొట్టకీ తొడలకీ మళ్లడం చాలామందికి జరుగుతుంది, కొందరికి అది మొదటిదానికంటే భరించలేనిది, దాన్ని వెనక్కి తిప్పడం నమ్మకంగా చెయ్యలేరు. పదిహేనేళ్లకి ఆ నిర్ణయం తీసుకోవడం నాకు ఇష్టం లేదు, పై దారులన్నీ సరిగ్గా ప్రయత్నించాక, పాప పెద్దదయ్యాక, తనే ఆలోచించుకుని అడిగితే అప్పటి మాట.

వీటన్నిటికీ టైం పడుతుంది, పరీక్షలు ఆగవు కదా. అంతవరకూ బాల్‌పెన్ వాడమనండి, దాని ఇంకు నూనెతో చేసినది కాబట్టి తడికి జెల్ పెన్నులా అలుక్కోదు. కర్చీఫ్ తడిస్తే మళ్లీ అదే తడి పేపర్‌కి అంటుతుంది, దాని బదులు చేతి కింద మందపాటి బ్లాటింగ్ కాగితాలు రెండు మూడు మార్చి మార్చి పెట్టుకుంటే బాగుంటుంది. పరీక్ష గదిలో ఆ కాగితాలకి అనుమానపడకుండా స్కూల్‌తో ముందే మాట్లాడి, డాక్టర్ దగ్గర ఒక చిన్న లెటర్ రాయించి ఇవ్వండి, కానీ ఈ మాట టీచర్‌తో చెప్పేముందు పాపని అడిగి, తను సరే అంటేనే చెప్పండి. నల్లబట్టల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి, చంకలకి మందు పనిచెయ్యడం మొదలయ్యాక తనే వేరే రంగు తీస్తుంది, అప్పటిదాకా అవి తనకి కావాలి.